ఎండకు పక్క, కుదుపుకు వరస

మధ్యాహ్నం విశాఖపట్నంలో బయలుదేరి, చీకటి పడే వేళకు విజయవాడ చేరే రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌లో కిటికీ సీటు దొరికిందనుకోండి. అది మే నెల అయితే, ఎడమ కిటికీ దగ్గర కూర్చున్నవాళ్లు గాలి పోసుకుంటూ తుని, సామర్లకోట, రాజమండ్రి చూసుకుంటూ వస్తారు. కుడి కిటికీ దగ్గరివాళ్లు తువ్వాలు నెత్తిన కప్పుకుని, అది జారినప్పుడల్లా సర్దుకుంటూ వస్తారు. అదే రైలు, అదే వేళ, జనవరిలో ఎక్కితే వరస తిరగబడుతుంది. ఎండ ఎడమ కిటికీకి వస్తుంది, కుడి పక్క నీడగా ఉంటుంది. వేసవిలో వెళ్లొచ్చి "ఆ రైల్లో ఎడమ పక్కే మంచిది" అని చెప్పినవాళ్ల మాట నమ్మి సంక్రాంతికి అదే పక్క కూర్చున్నవాళ్లు ఆ మాటను తప్పుపడతారు. ఇద్దరిదీ తప్పు కాదు. మారింది సూర్యుడి దారి.

దూర ప్రయాణంలో సీటు గురించి మన ఇళ్లలో మూడు భయాలు ఉంటాయి. ఎండ కొడుతుందేమో, కడుపులో తిప్పుతుందేమో, నడుము విరిగేలా ఎగిరెగిరి పడతామేమో. మూడింటికీ కలిపి "మంచి సీటు" అని ఒకటే వెతుకుతాం. కానీ ఈ మూడూ ఒకే లెక్కకు లొంగవు. ఎండ అనేది పక్కకు సంబంధించిన విషయం: ఎడమా, కుడా? వాంతులు, కుదుపులు ఎక్కువగా వరసకు సంబంధించినవి: ముందా, మధ్యా, వెనకా? ఈ రెంటినీ విడదీసి చూస్తే సీటు ఎంచుకోవడం సులువవుతుంది.

ముందు దిక్కు

ఎండ ఏ పక్క వస్తుందో తేల్చడానికి మూడు సంగతులు తెలియాలి. బండి మొత్తం మీద ఏ దిక్కుకు పోతోంది, ఏ గంటల్లో పోతోంది, ఏ నెలలో పోతోంది. మొదటిదానికి ఫోన్లో మ్యాప్ తెరిచి, ఉత్తరం పైకి ఉండేలా పెట్టుకుని, ఎక్కే ఊరికీ దిగే ఊరికీ మధ్య మనసులో ఒక గీత గీసుకుంటే చాలు. దారిలో వచ్చే వంకరలన్నీ లెక్కపెట్టనక్కర్లేదు. నాలుగైదు గంటల ప్రయాణంలో అవి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

దిక్కు తెలిశాక, ఆ వైపు ముఖం పెట్టి నిలబడినట్టు ఊహించుకోవాలి. తూర్పుకు తిరిగి నిలబడితే కుడి చెయ్యి దక్షిణం, ఎడమ చెయ్యి ఉత్తరం. దక్షిణానికి తిరిగితే ఎడమ చెయ్యి తూర్పు, కుడి చెయ్యి పడమర. చిన్నప్పుడు బడిలో నేర్చుకున్నదే, కాకపోతే బస్సెక్కే హడావిడిలో గుర్తు రాదు.

ఇక గంటలు. పొద్దున పది దాకా సూర్యుడు తూర్పు సగంలో, కిటికీలోంచి లోపలికి వచ్చేంత కిందగా ఉంటాడు. మధ్యాహ్నం రెండు దాటాక పడమటి సగంలో కిందికి దిగుతూ ఉంటాడు. ఈ రెంటి మధ్య బాగా పైన ఉంటాడు కాబట్టి వేసవిలో ఎండంతా బండి కప్పు మీద పడుతుంది. ఒంటి మీద పడేది తక్కువ. అందుకే ప్రయాణం పొద్దున మొదలై సాయంత్రం దాకా సాగేదైతే, ఏ పక్క కూర్చున్నా సగం దారి ఎండ తప్పదు. అప్పుడు మధ్యాహ్నం తర్వాతి నీడనే ఎంచుకోవాలి. పొద్దుటి ఎండ పడినా గాలి చల్లగా ఉంటుంది. మూడింటి ఎండ పడే వేళకు గాలి, సీటు, కిటికీ కమ్మీ అన్నీ కాలిపోతూ ఉంటాయి.

నెల సంగతే చాలామంది మరిచిపోయేది. సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించి సరిగ్గా పడమట అస్తమించేది ఏడాదికి రెండు రోజులే, మార్చిలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి. మిగతా కాలమంతా అటో ఇటో జరుగుతూ ఉంటాడు. మన ప్రాంతంలో డిసెంబరు నెలాఖరులో సూర్యాస్తమయం పడమర నుంచి దక్షిణం వైపు 25 డిగ్రీల దాకా జరుగుతుంది. జూన్ నెలాఖరులో అంతే మేర ఉత్తరం వైపు జరుగుతుంది. చలికాలంలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు నడినెత్తికి రాడు, దక్షిణాన ఆకాశంలో దాదాపు సగం ఎత్తులోనే ఉండిపోతాడు. వేసవిలో నడినెత్తిని దాటి కాస్త ఉత్తరానికి కూడా వెళతాడు. హైదరాబాదులో మే 9న, మళ్లీ ఆగస్టు 3న మధ్యాహ్నం నిలువుగా నిలబెట్టిన కర్రకు నీడే పడదు. ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరాన ఉన్నట్టు లెక్క.

విశాఖ నుంచి విజయవాడకు

ఇప్పుడు రత్నాచల్ సంగతి మళ్లీ చూద్దాం. విశాఖ నుంచి విజయవాడకు గీత గీస్తే అది పడమరకూ నైరుతికీ నడుమగా పోతుంది. అంటే కుడి కిటికీలు వాయవ్యం వైపు, ఎడమ కిటికీలు ఆగ్నేయం వైపు చూస్తుంటాయి. ప్రయాణం దాదాపు అంతా మధ్యాహ్నం తర్వాతే.

మే నెలలో ఒంటిగంటన్నరకే సూర్యుడు పడమరకు వాలతాడు; పడమరను కూడా కాస్త దాటి ఉత్తరం వైపు ఉంటాడు. సాయంత్రం దాకా పెద్దగా పక్కకు జరగకుండా అక్కడికక్కడే కిందికి దిగుతాడు. రైలు ముక్కు నైరుతి వైపు, సూర్యుడు పడమరకు కుడిగా. కాబట్టి ఎండ కుడి కిటికీలోంచి, ముందు వైపు నుంచి ఏటవాలుగా వస్తుంది. రెండింటికి అది ఒళ్లో మాత్రమే పడుతుంది. అయిదింటికి సూర్యుడు కిందికి దిగేసరికి ముఖం మీదికి వస్తుంది, కిటికీ పక్క సీటును దాటి రెండో సీటు దాకా పాకుతుంది. అంటే సాయంత్రమవుతున్నకొద్దీ ఎండ బలం తగ్గినా, తగిలే చోటు పెరుగుతుంది.

జనవరిలో ఒంటిగంటన్నరకు సూర్యుడు దక్షిణానికి కాస్త పడమరగా, బాగా కిందుగా ఉంటాడు. రైలు ముక్కుకు అది ఎడమ వైపు. తుని దాకా ఎడమ కిటికీలకు ఎండ బాగానే తగులుతుంది. ఆ తర్వాత సూర్యుడు పడమరకు జరుగుతూ జరుగుతూ, నాలుగున్నర ప్రాంతంలో దాదాపు రైలుకు ఎదురుగా వచ్చేస్తాడు. చలికాలపు సూర్యుడు అస్తమించేది ఈ పట్టాలు పోయే దిక్కులోనే. ఎదురుగా ఉన్న సూర్యుడి వల్ల ఇంజను నడిపేవాళ్లకు ఇబ్బంది కానీ, పెట్టెలో పక్క కిటికీల దగ్గర కూర్చున్నవాళ్లకు పెద్ద బాధ లేదు. తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు దాకా దారి కాస్త పడమరకు తిరుగుతుంది కాబట్టి అక్కడ ఎడమ పక్క మళ్లీ కొంచెం మెరుస్తుంది. అప్పటికి అది హాయైన ఎండే.

మధ్యలో ఉన్న నెలల్లో, అంటే అక్టోబరులోనూ ఫిబ్రవరిలోనూ, మొదటి గంటో రెండు గంటలో ఎడమకు కాసి, తర్వాత సూర్యుడు ఎదురుకు వచ్చేస్తాడు. ఆ రోజుల్లో పక్క కోసం తగువు పడాల్సిన పని లేదు. మార్చి నుంచి సెప్టెంబరు దాకా మాత్రం ఈ రైల్లో ఎడమ పక్క దొరికితే వదులుకోకూడదు.

తూర్పు పడమరలుగా సాగే దారులన్నిటికీ ఈ పేచీ ఉంటుంది. హైదరాబాదు నుంచి విజయవాడకు పోయే జాతీయ రహదారి తూర్పుకు కాస్త ఆగ్నేయంగా వెళుతుంది. చలికాలంలో అక్కడ లెక్క చాలా తేలిక: దక్షిణం వైపు కిటికీకి రోజంతా ఎండ. విజయవాడకు పోయేటప్పుడు అది కుడి పక్క, తిరిగొచ్చేటప్పుడు ఎడమ పక్క. వేసవిలో మాత్రం పొద్దున విజయవాడకు పోతుంటే ఎడమ పక్క కాలుతుంది. మధ్యాహ్నం తర్వాత హైదరాబాదుకు వస్తుంటే సూర్యుడు దాదాపు డ్రైవరు కళ్లలోకే కొడతాడు. ప్రయాణికులకు రెండు పక్కలూ ఇంచుమించు ఒకటే, ముందు అద్దం దగ్గర కూర్చున్నవాళ్లకే కష్టం.

ఉత్తర దక్షిణాల దారి

ఉత్తర దక్షిణాలుగా పోయే దారుల్లో నెల పట్టించుకోనక్కర్లేదు, వేళ చూసుకుంటే చాలు. హైదరాబాదు నుంచి కర్నూలు ఇంచుమించు దక్షిణానికి ఉంది. పొద్దున బయలుదేరితే తూర్పు ఎడమ చేతికి వస్తుంది కాబట్టి ఎండ ఎడమ పక్క. పని చూసుకుని సాయంత్రం తిరుగు బస్సెక్కితే ఇప్పుడు ముఖం ఉత్తరానికి, పడమర మళ్లీ ఎడమ చేతికే. అంటే పొద్దున వెళ్లి సాయంత్రం తిరిగొచ్చే హైదరాబాదువాళ్లకు రెండు సార్లూ కుడి పక్కే నీడ.

కర్నూలు నుంచి పొద్దున హైదరాబాదుకు వచ్చి సాయంత్రం తిరిగి వెళ్లేవాళ్లకు ఇది పూర్తిగా తిరగబడుతుంది. వచ్చేటప్పుడు తూర్పు కుడి చేతికి, వెళ్లేటప్పుడు పడమర కూడా కుడి చేతికే. వాళ్లకు రెండు సార్లూ ఎడమ పక్కే నీడ. ఒకే దారి, ఒకే రోజు, ఒకే ఎండ అయినా పొద్దున్నే ఏ కొస నుంచి బయలుదేరారన్నదాన్ని బట్టి పక్క మారిపోతుంది. విజయవాడ నుంచి ఒంగోలు, నెల్లూరు మీదుగా చెన్నై వెళ్లే దారికీ ఇదే లెక్క.

ఎక్కడ తప్పుతుంది

బస్టాండులో ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది. బస్సెక్కగానే ఏ పక్క నీడగా ఉందో చూసి అక్కడ కూర్చుంటాం. కానీ బస్సు ప్లాట్‌ఫారానికి ముక్కు ఆనించి నిలబడి ఉంది; వెనక్కి తీసి, గేటు దాటి, ఊళ్లో నాలుగు మలుపులు తిరిగి రహదారి ఎక్కేసరికి ముఖం ఏ దిక్కుకు తిరుగుతుందో బస్టాండు నీడ చెప్పదు. అరగంటలో ఆ నీడ సీటే ఎండ సీటు కావచ్చు. దారి ఉత్తరానికో దక్షిణానికో తెలిస్తే, ఎండలో ఉన్న సీటులో ధైర్యంగా కూర్చోవచ్చు. ఖాళీగా దొరికేది కూడా అదే.

ఆన్‌లైన్‌లో బస్సు సీటు ఎంచుకునేటప్పుడు తెరమీది బొమ్మలో స్టీరింగు గుర్తు ఎక్కడుందో మొదట చూడాలి. మన బస్సుల్లో డ్రైవరు కూర్చునేది కుడి పక్క. కొన్ని బొమ్మల్లో బస్సు నిలువుగా, కొన్నిట్లో అడ్డంగా ఉంటుంది. స్టీరింగు గుర్తు లేకుండా చూస్తే కుడి ఎడమలు తారుమారవుతాయి.

రైల్లో ఇంకో చిక్కు ఉంది. టికెట్ తీసుకునేటప్పుడు కిటికీ సీటు కావాలని కోరుకోవచ్చు కానీ, ఏ పక్క కిటికీ అన్నది మన చేతిలో లేదు. సీటు నంబరు చూసి పక్క చెప్పడమూ కుదరదు. పెట్టెను ఎటు తిప్పి తగిలించారన్నదాన్ని బట్టి, స్లీపరు పెట్టెలో 7, 15, 23 నంబర్ల సైడు బెర్తులు ఒకరోజు ఎడమ పక్క వస్తే ఇంకోరోజు కుడి పక్క రావచ్చు. కాబట్టి రైల్లో ఈ లెక్క టికెట్ కొనేటప్పుడు కన్నా, ఎక్కాక పనికొస్తుంది. స్లీపరులో పగటి పూట సైడు బెర్తుకూ మెయిన్ బెర్తుకూ మధ్య ఎవరితోనైనా మార్చుకునే వీలుంటుంది. ఎండ ఇంకా అటు తిరగకముందే మార్చుకోవడం మేలు. తిరిగాక ఎవరూ ఒప్పుకోరు.

మధ్యలో రైలు దిశ మార్చుకునే స్టేషన్లు కూడా గుర్తుంచుకోవాలి. విశాఖపట్నం అలాంటిదే. విజయవాడ వైపు నుంచి విశాఖ స్టేషన్‌లోకి వచ్చి శ్రీకాకుళం, హౌరా వైపు వెళ్లే రైలు, ఇంజను రెండో కొసకు తగిలించుకుని వచ్చిన వైపే బయటికి వెళ్లాలి. అంతదాకా ఎడమగా ఉన్న కిటికీ అక్కడి నుంచి కుడి అవుతుంది, ముందుకు చూస్తూ కూర్చున్నవాళ్లు వెనక్కి ప్రయాణిస్తారు. రాజమండ్రి దగ్గర నీడనిచ్చిన సీటు విజయనగరం దగ్గర ఎండలోకి వస్తుంది. విశాఖ స్టేషన్‌లోకి రాకుండా దువ్వాడ మీదుగా నేరుగా పోయే రైళ్లకు ఈ తిరకాసు లేదు.

కిటికీ అద్దం దించుకుంటే సరిపోతుందని కొందరనుకుంటారు. మామూలు అద్దం చర్మాన్ని వెంటనే కమిలించే కిరణాలను చాలావరకు ఆపుతుంది కానీ, మెల్లగా రంగు మార్చే రకం కిరణాలను ఎక్కువగానే లోపలికి వదులుతుంది. ఏసీ బస్సులో చల్లగానే ఉన్నా ఒక పక్క చెయ్యి నల్లబడేది అందుకే. అద్దం కన్నా దళసరి తెర నయం.

కడుపుకు కావలసింది ముందు రోడ్డు

ఘాట్ రోడ్డు మీద వాంతులయ్యేవాళ్లకు పెద్దలు మొదట చెప్పే మాట "కిటికీ పక్కన కూర్చో". గాలి తగులుతుందని, అవసరమైతే తల బయట పెట్టొచ్చని. రెండోది ప్రమాదం, ఎదురొచ్చే బస్సు ఘాట్‌లో ఎంత దగ్గరగా దూసుకుపోతుందో అందరికీ తెలిసిందే. మొదటిదానిలో కొంత నిజముంది. కానీ అసలు మందు గాలి కాదు, చూపు.

మన చెవి లోపలి భాగంలో కదలికను పసిగట్టే చిన్న అవయవం ఒకటుంది. బస్సు మలుపు తిరుగుతోందని, వేగం తగ్గిందని అది మెదడుకు చెబుతూనే ఉంటుంది. కళ్లేమో ముందు సీటు వీపునో, చేతిలో ఫోన్‌నో చూస్తూ, ఏమీ కదలడం లేదని చెబుతుంటాయి. ఈ రెండు కబుర్లూ కలవనప్పుడు కడుపులో తిప్పడం మొదలవుతుంది. డ్రైవరుకు ఎప్పుడూ వాంతి రాకపోవడానికి కారణం ఇదే. మలుపు రాకముందే అతని కళ్లకు కనిపిస్తుంది, ఒళ్లు ముందే సిద్ధపడుతుంది. అందువల్ల వాంతుల భయమున్నవాళ్లకు కావలసింది ముందు అద్దంలోంచి రోడ్డు కనిపించే చోటు. బ్రిటన్‌లో కోచ్ బస్సుల ప్రయాణికుల మీద జరిపి 1999లో ప్రచురించిన అధ్యయనాల్లోనూ ఇదే తేలింది: ముందు రోడ్డు కనిపించనివాళ్లకు వికారం ఎక్కువ, వెనక వరసలకు పోయేకొద్దీ ఇంకా ఎక్కువ.

అంటే ముందు నుంచి మూడు నాలుగు వరసల్లో, నడవా వైపు సీటు మంచిది. ఇది చాలామందికి వింతగా అనిపిస్తుంది. కిటికీ సీటులోంచి కనిపించేది పక్కనే గిర్రున వెనక్కి పోయే చెట్లూ రాళ్లూ. అవి తిప్పును పెంచుతాయి. నడవా సీటులోంచి తల కాస్త పక్కకు వంచితే ముందు అద్దమంతా కనిపిస్తుంది. గాలి కావాలంటే కిటికీ దగ్గర ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి అద్దం తీయించుకోవచ్చు. తలను సీటుకు ఆనించి కదలకుండా పెట్టుకోవడం, మలుపుల మధ్య ఫోన్ మూసేయడం కూడా పనిచేస్తాయి. వాంతుల మాత్ర వేసుకునే అలవాటుంటే డాక్టరు చెప్పినట్టు బయలుదేరే ముందే వేసుకోవాలి. తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే అది కడుపులో నిలవదు.

ఎడమా కుడా అన్నది ఇక్కడ పెద్ద విషయం కాదు. మలుపు మలుపుకీ బస్సు అటొకసారి ఇటొకసారి ఒరుగుతుంది, రెండు పక్కలకూ సమానంగానే. ఎత్తు మాత్రం ముఖ్యం. స్లీపరు బస్సులో పై బెర్తు కింది బెర్తు కన్నా ఎక్కువగా ఊగుతుంది. ఒరగడం చక్రాల దగ్గర తక్కువ, పైకి పోయేకొద్దీ ఎక్కువ కాబట్టి. రైల్లో అయితే బండి పోయే దిక్కుకు ముఖం పెట్టి కూర్చోవడం చాలామందికి నయం.

నడుముకు కావలసింది చక్రాల నడుమ

కుదుపూ తిప్పూ ఒకటి కావు. గుంతలో పడ్డప్పుడు దబ్బున ఎగరడం వల్ల వాంతులు రావు, నడుము నొప్పి వస్తుంది. వాంతులు తెప్పించేది మెల్లగా, అయిదు సెకన్లకోసారి అన్నట్టు సాగే ఊపు. మెత్తటి స్ప్రింగులున్న ఖరీదైన బస్సులో కుదుపు తగ్గి, ఆ ఊపు మిగిలిపోవచ్చు. "ఏసీ బస్సు ఎక్కితేనే నాకు పడదు" అనేవాళ్ల మాటలో అందుకే కొంత నిజముంది.

కుదుపు లెక్క చక్రాలది. బస్సును రెండు దిమ్మెల మీద పెట్టిన పొడవాటి పలకలా ఊహించుకోండి. ఆ దిమ్మెలే ముందు, వెనక చక్రాలు. వెనక దిమ్మె పైకి లేస్తే, దాన్ని దాటి బయటికి చాచుకుని ఉన్న కొస దిమ్మె కన్నా ఎక్కువ లేస్తుంది. రెండు దిమ్మెల మధ్య భాగం తక్కువ లేస్తుంది. మన బస్సుల్లో వెనక చక్రాలు దాటాక కూడా రెండు మూడు వరసలుంటాయి. స్పీడు బ్రేకరు మీద ముందు చక్రం ఎక్కినప్పుడు తెలియని దెబ్బ, వెనక చక్రం ఎక్కినప్పుడు ఆ వరసలవాళ్లకు తెలుస్తుంది. సీటు మీంచి ఒక్కసారిగా లేచి మళ్లీ కూలబడతారు. చివరి వరస సీట్లు చాలా బస్సుల్లో వెనక్కి కూడా వాలవు.

వెనక చక్రం ఎక్కడుందో కనుక్కోవడం తేలిక. బయటి నుంచి చూసుకోవచ్చు. లోపలైతే కిటికీ పక్క నేల ఉబ్బెత్తుగా ఉండి కాళ్లు పెట్టుకోవడానికి చోటు తగ్గిన వరసే చక్రం పైది. ఆ వరసకు ముందు రెండు మూడు వరసలు వదిలి కూర్చుంటే కుదుపు బాగా తగ్గుతుంది. మరీ మొదటి వరస కూడా పూర్తిగా మెత్తన కాదు. తలుపు ముందు చక్రాలకు ముందే ఉన్న బస్సుల్లో మొదటి సీట్లు ముందు చక్రాలకు అటో ఇటో, దాదాపు వాటి మీదే వస్తాయి. రైల్లోనూ ఇదే సూత్రం. పెట్టె రెండు కొసల కింద చక్రాల గుంపులుంటాయి కాబట్టి కొసల్లో ఉన్న సీట్లకు చప్పుడూ అదురూ ఎక్కువ, నడుమ బెర్తులకు తక్కువ. తలుపులు, మరుగుదొడ్లు ఉండేది కూడా ఆ కొసల్లోనే.

కుదుపులో పక్కకు కొంత పాత్ర ఉండేది ఇరుకు రోడ్ల మీదే. రెండు వరసల రోడ్డుకు అంచులు విరిగి, గుంతలు పడి ఉంటాయి. ఎదురుగా లారీ వచ్చినప్పుడల్లా మన బస్సు ఎడమ చక్రాలు తారు దిగి మట్టిలోకి వెళ్లి మళ్లీ ఎక్కుతాయి. అందువల్ల ఎడమ పక్కకు కాస్త ఎక్కువ దెబ్బలు. నాలుగు వరసల రహదారి మీద ఈ తేడా అంతగా తెలియదు. రాత్రి ప్రయాణంలో మాత్రం ఇరుకు రోడ్డు మీద కుడి కిటికీకి ఎదురొచ్చే బండ్ల లైట్లు కొడతాయి. ఎండ లేని వేళ నిద్ర కావాలనుకునేవాళ్లకు ఎడమ పక్కే నయం.

నలుగురు, నాలుగు సీట్లు

అన్నీ కలిపి ఒక ప్రయాణంలో చూద్దాం. మే నెలలో హైదరాబాదు నుంచి నలుగురు శ్రీశైలం వెళుతున్నారు: తల్లి, తండ్రి, ఘాట్ ఎక్కితే వాంతులయ్యే పదేళ్ల అమ్మాయి, నడుము నొప్పి ఉన్న నాయనమ్మ. పొద్దున ఆరింటి బస్సు, రెండేసి సీట్లది. దారి కల్వకుర్తి, మన్ననూరు మీదుగా నల్లమల అడవిలోకి వెళ్లి, దోమలపెంట దాటాక మెలికలు తిరుగుతూ కృష్ణ దగ్గరికి దిగి, నది దాటి మళ్లీ కొండెక్కుతుంది.

దిక్కు దక్షిణానికి కాస్త ఆగ్నేయంగా. పొద్దుటి వేళ. ఎండ ఎడమ పక్క, అదీ దాదాపు నేరుగా కిటికీలోకి. కాబట్టి ఇంటిల్లిపాదీ కుడి పక్కకు, అంటే డ్రైవరు వైపుకు. ఘాట్‌లోకి వెళ్లాక బస్సు ప్రతి మలుపుకీ తిరుగుతుంది, ఎండ ఇటూ అటూ మారుతుంది. కానీ అప్పటికి అడవి నీడ కూడా వస్తుంది కనుక ఆ భాగాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

అమ్మాయికి మూడో వరసలో నడవా సీటు, పక్కన కిటికీ దగ్గర తల్లి. రోడ్డు కనిపిస్తుంది, అద్దం తీసే చెయ్యి పక్కనే ఉంటుంది. నాయనమ్మకు ఇంకో వరస వెనక, నాలుగులో, కిటికీ పక్క. అది రెండు చక్రాల నడుమ పడుతుంది, పైగా నీడ పక్క. పక్కన నడవా సీటులో తండ్రి, లేచి సామాను చూసుకోవడానికి వీలుగా. బస్సు దాదాపు నిండిపోయి కలిసి నాలుగు సీట్లు దొరక్కపోతే, మొదట వదులుకోవాల్సింది ఎండ పక్క. తెర ఉంటుంది, లేకపోతే తువ్వాలు ఉంటుంది. ఆ తర్వాత కలిసి కూర్చోవాలన్న కోరిక. అమ్మాయి వరసనూ నాయనమ్మ వరసనూ మాత్రం వదులుకోకూడదు. వెనక చక్రం వెనక సీటుకు తువ్వాలు మడిచి వేసినా నడుము బాగుపడదు, ముందు రోడ్డు కనిపించని సీటులో అమ్మాయికి నిమ్మకాయ వాసన చూపించినా దోమలపెంట మలుపులు ఆగవు.

తిరుగు ప్రయాణం మధ్యాహ్నం రెండింటికి. ముఖం ఉత్తరానికి, సూర్యుడు పడమర. ఎండ మళ్లీ ఎడమకే. అవే సీట్లు అడగొచ్చు.